తల్లి బిల్లు లేని నోట్లు

మూడు కొట్లలో ఒకటి మూసేయాలని మా ఓనరు అనుకున్నప్పుడు, ఏది మూయాలో తేల్చింది నేను తయారుచేసిన కాగితం. ఆ కాగితంలో అట్టడుగున ఉన్నది కౌంటరక్క కొట్టు. అమ్మకాలు తగ్గాయి కాబట్టే మూతపడిందని కంపెనీలో అందరూ నమ్మారు. అక్క కూడా నమ్మింది. నమ్మకుండా ఉండాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనే అందరికంటే గట్టిగా నమ్మాను.

మాది టైల్స్ వ్యాపారం. ఊళ్ళో మూడు కొట్లు, ఊరి చివర గోడౌను, దాని పైన ఆఫీసు. డిగ్రీ చేతబట్టుకుని మా పల్లె నుంచి వచ్చిన కొత్తలో నన్ను అక్క కొట్లో బిల్లులు రాయడానికి వేశారు. ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినబడేది కాదు. మేస్త్రీలు, లారీ వాళ్ళు, ఇల్లు కట్టుకునే వాళ్ళు అందరూ కౌంటరక్క అనేవారు. పెట్టె విప్పి టైలు పలకని ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి, కుడిచేతి గణుపుతో కొట్టేది. కంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు. నాకూ నేర్పింది. మా ఊళ్ళో కుండలు కొనేటప్పుడు మా నాయనమ్మ అలాగే చేసేదని చెబితే, "అయితే నీకు సగం ఉద్యోగం పుట్టుకతోనే వచ్చింది పో" అంది.

టైల్స్ అన్నాక పగులుతాయి. లారీలో పగులుతాయి, దించేటప్పుడు పగులుతాయి, ఒక్కోసారి ఒకే రంగని చెప్పిన పెట్టెల్లో రెండు రంగులు వస్తాయి. అలా వాపసొచ్చిన వాటికి మా కొట్లలో రెండు పద్ధతులు నడిచేవి. ఒకటి అక్కది.

ఒకసారి ఒక మేస్త్రీ గోనెసంచిలో ముక్కలు మోసుకొచ్చి కౌంటరు మీద కుమ్మరించాడు.

"పన్నెండు పగిలాయక్కా. నీ సరుకు ఇట్టాగైతే నేను ఆ పెద్ద రోడ్డు నవ్వులాయన దగ్గరికి పోవాల్సి వస్తుంది."

అక్క ముక్కలన్నీ జతచేసి, అంచులు వేలితో తడిమింది.

"పన్నెండు కాదు, తొమ్మిది. ఈ మూడూ నీ కుర్రాళ్ళు కోసేటప్పుడు పగిలాయి. ఇదిగో, మిషను గీత. నా ముందు పెట్టడానికి ముందు ఆ గీతైనా చెరుపుకొని రావాల్సింది."

"నీ కళ్ళా, భూతద్దాలా?"

"నీ కుర్రాళ్ళ చేతులా, సమ్మెటలా?"

మేస్త్రీ నవ్వేశాడు. అక్క ఆ తొమ్మిదింటినీ ఫోటో తీసి, అప్పటికప్పుడే తొమ్మిదింటికి క్రెడిట్ నోటు రాయించింది. రాసింది నేనే. అప్పుడు ఆవిడ చెప్పిన పాఠం ఇది: బిల్లు ఒకసారి రాసి చేతికిచ్చాక దాన్ని దిద్దకూడదు. సరుకులో కొంత వాపసొస్తే ఆ కొంతకే వేరే కాగితం రాయాలి, దాని మీద పాత బిల్లు నంబరు వేయాలి. డబ్బు ఇప్పుడే చేతిలో పెట్టినా, తర్వాతి బిల్లులో సర్దుకున్నా, ఆ కాగితం మాత్రం ఆ రోజే పుట్టాలి. "పగిలింది పగిలినట్టు రాయి తమ్ముడూ. రాయకపోతే అది ఇంకెక్కడో పగులుతుంది."

రెండో పద్ధతి పెద్ద రోడ్డు కొట్టు చూసే నవ్వులాయనది. మనిషి మాట్లాడితే పళ్ళే ముందు కనబడతాయి. ఎవరు ఏం వాపసు తెచ్చినా, "కాగితాలెందుకండీ మన మధ్య, తర్వాతి లోడులో రెండు పెట్టెలు ఎక్కువ వేయిస్తాలే" అని భుజం తట్టి పంపేవాడు. ఆ రెండు పెట్టెలకీ బిల్లు ఉండదు, నోటు ఉండదు. గోడౌనులో సరుకు తక్కువ పడితే ఏడాది చివర "పగుళ్ళు" అని ఒక్క మాటతో కొట్టేసేవారు. మూడో కొట్టాయన కూడా ఇంచుమించు ఇదే దారి.

మూడేళ్ళకి నన్ను ఆఫీసుకి తీసుకున్నారు. కంప్యూటర్లో కాస్త చురుగ్గా ఉంటానని ఓనరుకి ఎవరో చెప్పారట. చెప్పింది అక్కేనని తర్వాత తెలిసింది. వెళ్ళే రోజు నా భుజం మీద చెయ్యేసి, "పైన కూర్చుంటే కింద మనుషులు చిన్నగా కనబడతారు. నన్ను మాత్రం నా సైజులోనే చూడు" అంది. అప్పటికి నవ్వాను.

కొత్త ఏడాది మొదట్లో మూడు కొట్ల అద్దెలూ ఒకేసారి పెరిగాయి. ఓనరు నన్ను పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాడు, తొందర మనిషి. కాగితం ఒకటి దాటితే చదవడు.

"ఏమయ్యా రిపోర్టూ, ప్రతి నెలా ఏ కొట్లో ఎంత అమ్మారో ఒక్క పేజీలో కావాలి. వాపసులు పోగా. ఆర్నెల్లు చూస్తాను. ఆఖర్న ఉన్న కొట్టు తీసేస్తాను. మూడు అద్దెలు కట్టడం నా వల్ల కాదు."

నాకు అది పండగలా తోచింది. మా బిల్లింగు సాఫ్ట్‌వేర్లో బిల్లుల జాబితా ఒకటి, క్రెడిట్ నోట్ల జాబితా ఒకటి విడివిడిగా ఉంటాయి. ప్రతి బిల్లు పక్కనా దాని స్థితి రాసి ఉంటుంది: చెల్లింపు అయింది, బాకీ, రద్దు, ఇలా. బిల్లు మీద క్రెడిట్ నోటు పడగానే ఆ స్థితి దానంతటదే మారిపోతుంది. మొత్తం వాపసైతే "పూర్తి రీఫండ్", కొంతే వాపసైతే "కొంత రీఫండ్". నేను రెండు జాబితాలూ దించుకుని, సూత్రం రాశాను. రద్దయిన బిల్లులు వదిలెయ్, రీఫండ్ అన్న మాట ఉన్న బిల్లులు వదిలెయ్, మిగతావి కూడు. ఆ కూడికలోంచి క్రెడిట్ నోట్లన్నీ తీసెయ్. వాపసు పోయిన సరుకు అమ్మకం ఎలా అవుతుందని నా తర్కం. రాసిన రోజు సాయంత్రం టీ తాగుతూ, ఇంత పనిని నాలుగు వరుసల్లో తేల్చేశానని నాలో నేను మురిసిపోయాను.

మొదటి నెల పేజీ చూసి ఓనరు నా వీపు తట్టాడు. "ఇదయ్యా లెక్కంటే. ఇన్నాళ్ళూ నన్ను కాకిలెక్కలతో ఆడించారు." ఆ రోజు నుంచి ఆఫీసులో నా నడక మారింది. కింద గోడౌను వాళ్ళు నన్ను 'సార్' అనడం మొదలుపెడితే వద్దనలేదు.

నాలుగో నెలలో అక్క ఆఫీసుకొచ్చింది. ఎప్పుడూ మెట్లెక్కి పైకి రాని మనిషి. మోకాళ్ళ నొప్పి. నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, చేతిసంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీసింది.

"తమ్ముడూ, ఒక సంగతి నా బుర్రకెక్కడంలేదు. పోయిన నెల లెక్క ఒకటో తారీఖున నువ్వు పంపావు కదా, నా కొట్టు ఇరవై నాలుగు లక్షల అరవై వేలు. నిన్న ఇప్పటిదాకా నెలలన్నీ కలిపి మళ్ళీ పంపావు. అదే నెల, అదే కొట్టు. పందొమ్మిది లక్షల నలభై వేలు. గడిచిపోయిన నెల ఎలా తగ్గుతుందయ్యా?"

"వాపసులు వచ్చుంటాయి అక్కా."

"వచ్చాయి. మూడు నోట్లు రాశాను. మూడూ ఈ నెల తారీఖులే. మూడూ కలిపి పద్నాలుగు వేల మూడు వందలు. మరి పోయిందేమో ఐదు లక్షల ఇరవై వేలు." వేలితో కాగితం మీద ఒక్కో వరుసా చూపించింది. ఆ మూడు బిల్లుల నంబర్లూ, వాటి మొత్తాలూ, ఆ పక్కన నోట్ల మొత్తాలూ ఆవిడ గుండ్రటి రాతలో ఉన్నాయి. "పద్నాలుగు వేలు నేనిచ్చాను. ఆ మిగతా ఐదు లక్షలు ఎవరికిచ్చానో నువ్వు చెప్పాలి."

అప్పుడు ఫోన్లో ఓనరు లైన్లో ఉన్నాడు, ఇంకో పేజీ ఏదో అడుగుతున్నాడు. ఆ నెపం చెప్పుకోవచ్చు. కానీ నిజం అది కాదు. నాకు ముందు కోపమొచ్చింది. ఓనరు మెచ్చుకున్న లెక్కని, పదో తరగతి దాటని మనిషి వచ్చి తప్పంటున్నట్టనిపించింది.

"సిస్టం లెక్క వేరుగా ఉంటుంది అక్కా. చేత్తో వేసుకున్న దాంతో పోల్చకూడదు. నువ్వు నోట్లు ఎక్కువ రాస్తున్నావు, అందుకే తగ్గుతోంది. మిగతా కొట్ల వాళ్ళు చూడు, నెలకి ఒక్కటి కూడా రాయరు."

"వాళ్ళకి పగలవా?"

"ఏమో. రాయరు కదా."

"నేను అడిగింది నోట్ల గురించి కాదురా, గడిచిపోయిన నెల గురించి" అంది మెల్లగా. తర్వాత ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "తీరిక దొరికినప్పుడు చూడు" అని లేచింది. "చూస్తాలే అక్కా" అన్నాను. మెట్లు దిగుతుంటే కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించడం అద్దాల్లోంచి కనబడింది. కాగితం సొరుగులో వేశాను.

ఆర్నెల్లు గడిచాయి. నా పేజీలో నవ్వులాయన కొట్టు ఒక కోటీ పద్దెనిమిది లక్షలు. మూడో కొట్టు కోటీ పన్నెండు. అక్కది కోటీ రెండు లక్షల తొంభై వేలు. ఓనరు పేజీ మీద అక్క వరుస దగ్గర పెన్నుతో అడ్డంగా గీత గీశాడు. గీసేముందు ఒకసారి నా వైపు చూసి, "ఆవిడ దగ్గర ఎప్పుడూ జనం ఉంటారే?" అన్నాడు. "జనం ఉంటారు సార్. వాపసులకొచ్చే వాళ్ళూ ఉంటారు" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

కొట్టు ఖాళీ చేసే రోజు వెళ్ళాను. సరుకు దించే ఇద్దరు మనుషులకి నెల జీతం చేతిలో పెట్టి పంపేశారు. చివరి పెట్టెలు లారీకెక్కించింది వాళ్ళే. అక్క కౌంటరు తుడుస్తోంది, రేపు మళ్ళీ తెరవబోయేదానిలా. నవ్వులాయన కింద పనిచేస్తావా, సగం జీతానికి, అని ఓనరు కబురు పంపితే వద్దందట.

"మా ఇంట్లో ఆయన అంటూనే ఉన్నాడు" అంది నాతో. "చేతికి ఎముక లేనట్టు ఇచ్చేస్తావు, ఒక రోజు కొట్టే ఇచ్చేస్తావని. ఆ మాటే అయింది. నేను గట్టిగా ఉండాల్సింది తమ్ముడూ. తొమ్మిది పలకలకి తొమ్మిదీ రాసుకుంటూ కూర్చుంటే ఎవరికి లాభం?"

నేను ఏదో ఓదార్పు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, గుర్తుంచుకోదగ్గది అయ్యుండదు.

ఏడాది ముగిసిన నెలకి పద్దుల బాబాయ్ వచ్చాడు. పన్ను లెక్కలు తేల్చడానికి ఏటా పది రోజులు వచ్చి కూర్చునే పెద్దాయన. ఎవరికీ బాబాయ్ కాదు, అందరికీ బాబాయే. పాత కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, పైనించి చూస్తూ పనిచేస్తాడు. మూడో రోజున నన్ను కేకేశాడు.

"అబ్బాయ్, నీ పేజీకీ, నా పద్దుకీ పెళ్ళి కుదరడంలేదు. మొదటి ఆర్నెల్లకి మేం పన్ను కట్టిన అమ్మకం ఎక్కువ. నీ పేజీలో అమ్మకం తక్కువ. తేడా నలభై మూడు లక్షల చిల్లర. లేని అమ్మకానికి పన్ను కట్టేంత ధర్మాత్ముడు కాదు మీ ఓనరు."

"వాపసులు బాబాయ్. నేను వాపసులు తీసేశాను."

"నేనూ తీసేశాను. నోటు పడిన నెలలో నోటు పడినంతా తగ్గించాకే పన్ను కట్టాం. అది కాదు సంగతి." తన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "నీ జాబితా తెప్పించి చూశాను. ఇందులో మైనస్ నోట్లున్నాయి. వాటి బిల్లులు లేవు. పిల్లలున్నారు, తల్లులు లేరు. ఈ పిల్లలు ఎక్కణ్ణించి పుట్టారయ్యా?"

ఒక బిల్లు చూపించాడు. లక్షా ఎనభై వేల సరుకు. అందులో పగిలిన పలకలకి నోటు మూడు వేల రెండు వందలు. నిజంగా అమ్మకం ఎంత? లక్షా డెబ్భై ఆరు వేల ఎనిమిది వందలు. నా పేజీ ఏం చేసింది? నోటు పడగానే బిల్లు స్థితి "కొంత రీఫండ్" అయింది. నా సూత్రం రీఫండ్ అన్న మాట చూసి బిల్లు మొత్తాన్నీ ఎత్తి బయట పారేసింది. తర్వాత నోట్ల జాబితాకి వెళ్ళి, ఆ మూడు వేల రెండు వందలు మళ్ళీ తీసేసింది. అంటే లక్షా డెబ్భై ఆరు వేలు అమ్మిన మనిషి ఖాతాలో నేను మూడు వేల రెండు వందల నష్టం రాశాను.

"తాలు చెరగమంటే గింజల్ని గాలికి వదిలి తాలుని చేటలో దాచావు" అన్నాడు బాబాయ్. "బిల్లు ఎప్పుడూ తన నెలలో నిండుగా ఉంటుంది. దానిమీద నోటు ఏ నెలలో పడితే ఆ నెలలో అంత మేరకే తగ్గుతుంది. సరుకంతా వాపసైనా అంతే, బిల్లూ ఉంటుంది, నోటూ ఉంటుంది, రెండూ కలిసి సున్నా అవుతాయి. నువ్వు బిల్లుని పీకేస్తే మూసిన నెల కూడా వెనక్కి కదులుతుంది. ఎప్పుడో అమ్మినదానికి ఇవాళ నోటు రాస్తే, అప్పటి నెల ఇవాళ తగ్గిపోతుంది. ఇది ఎవరికీ కనబడలేదా?"

కనబడింది. ఒకళ్ళకి కనబడింది. నేను లేచి నా బల్ల దగ్గరికెళ్ళి సొరుగు లాగాను. పాత చార్జర్ల కింద ఉంది కాగితం. మూడు బిల్లులు: రెండు లక్షల పది వేలు, లక్షా ఎనభై ఐదు వేలు, లక్షా పాతిక వేలు. ఐదు లక్షల ఇరవై వేలు. సరిగ్గా పోయిన నెల తగ్గినంత. పదో తరగతి చదివిన మనిషి చేత్తో వేసిన కూడిక, కింద రెండు గీతలతో. అది నిలబడి చదవడానికి నాకు అర నిమిషం పట్టింది. ఆ రోజు చదివుంటే అంతే పట్టేది.

సాయంత్రానికి లెక్క సరిచేశాను. ఆ తేడాలో నలభై ఒక్క లక్షలు ఒక్క అక్క కొట్టువే. ముప్ఫై ఎనిమిది బిల్లులు. ఆర్నెల్లలో ఆవిడ రాసింది కోటీ నలభై ఆరు లక్షల బిల్లులు, ఇచ్చిన వాపసులన్నీ కలిపి రెండు లక్షల పది వేలు. మిగిలింది కోటీ నలభై మూడు లక్షల తొంభై వేలు. మిగతా ఇద్దరూ ఆ దరిదాపుల్లో లేరు. పైగా గోడౌనులో నవ్వులాయన పేర మూడు వందల పెట్టెల సరుకు కనబడకుండా పోయిందని బాబాయ్ వేరే కాగితంలో రాశాడు. అవీ వాపసులే. కాకపోతే అమ్మకాల పేజీలో కాకుండా సరుకు పేజీలో పగిలాయి. ఎంత నిజాయితీగా రాస్తే అంత నష్టం చూపించే పేజీ నాది. రాయనివాడికి అందులో మచ్చే లేదు.

ఓనరుకి చెప్పాను. ఆయన పేజీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇప్పుడేం చేద్దామంటావ్? ఆ షట్టరు మందుల షాపు వాళ్ళు తీసుకున్నారు. ఐదేళ్ళకి రాసుకున్నారు."

"అక్కకి చెప్పాలి సార్."

"చెప్తే కొట్టు తిరిగొస్తుందా? పెద్దావిడ ఏదో ఎక్కడో సర్దుకునుంటుంది. ఇప్పుడు వెళ్ళి మనసు పాడుచేయడం తప్ప." పెన్ను మూత పెట్టి, "ఒక నెల జీతం పంపిద్దాం, బోనస్ అని చెప్పి" అన్నాడు. తర్వాత పేజీ నా వైపు తోసి, "నువ్వు ముందే చూసుకోవాల్సింది" అన్నాడు. ఆ మాటకి జవాబు నా సొరుగులో ఉంది, ఆయనకి చూపించలేదు.

అక్క దగ్గరికి వెళ్ళడానికి నాకు మూడు వారాలు పట్టింది. బస్టాండు వెనక వీధిలో ఒక రంగుల కొట్లో చేరిందని మేస్త్రీ చెప్పాడు. ఇరుకు కొట్టు. గోడ నిండా డబ్బాలు, నేల మీద రంగు చుక్కలు ఎండి గరుకు తేలాయి. అక్క నన్ను చూడలేదు. కౌంటరు ముందు ఒకావిడ నిలబడి ఉంది, చేతిలో మూత తీసిన రంగు డబ్బా.

"చీటీలో ఉన్న రంగు కాదమ్మా ఇది. మీ వాళ్ళే కలిపారు. సగమైనా వాపసు తీసుకోండి."

అక్క డబ్బా వంచి చూసింది. మూత మీద చీటీ చూసింది. రంగు తేడా ఆవిడకి కనబడింది. ఆ చూపు నాకు తెలుసు. తర్వాత డబ్బా వెనక్కి జరిపింది.

"ఒకసారి అమ్మాక వాపసు తీసుకోమండి."

"మీ తప్పే కదమ్మా?"

"తీసుకోమండి."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు అక్క నన్ను చూసింది. ముఖంలో ముందు సంతోషమే వచ్చింది.

"రా తమ్ముడూ. చిక్కిపోయావు. సార్‌గారికి పైన తిండి పెట్టడంలేదా?"

"బాగున్నావా అక్కా?"

"ఇదిగో, చూస్తున్నావుగా. కూర్చునే పని. మోకాళ్ళకి మంచిది." గొంతు తగ్గించి, "ఓనరు జీతం పంపాడు, బోనసట. వదిలేసినవాళ్ళకి బోనసేంట్రా? ఏం జరిగింది అక్కడ?"

చెప్పాను. నిలబడే చెప్పాను. సూత్రం గురించి, నోటు పడిన బిల్లు మొత్తం ఎగిరిపోవడం గురించి, పిల్లలూ తల్లుల గురించి. సరిచేసిన పేజీ జేబులోంచి తీసి కౌంటరు మీద పెట్టాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని, వరుస మీద వేలు ఆనించి చదివింది. కోటీ నలభై మూడు దగ్గర వేలు ఆగింది.

"ఇది నాదా?"

"నీదే అక్కా. అన్నిటికంటే పైన ఉంది."

సంతోషపడుతుందనుకున్నాను, లేదా అరుస్తుందనుకున్నాను. దేనికి సిద్ధపడి వచ్చానో అది రాలేదు.

"అయితే వాపసులు ఇవ్వడం వల్ల పోలేదన్నమాట."

"కాదు. నువ్విచ్చింది నూటికి ఒకటిన్నర కూడా లేదు. నేను తప్పుగా కూడటం వల్ల పోయింది."

"ఎనిమిది నెలలైంది" అంది. వీధిలో ఆవిడ వెళ్ళిన వైపు చూసింది. ఆ రంగు డబ్బా మనిషి అప్పటికే మలుపు తిరిగిపోయింది. "ఎనిమిది నెలలుగా రోజూ ఎవరో ఒకళ్ళకి కాదని చెబుతున్నాను. గట్టిగా ఉండటం నేర్చుకున్నానని మా ఆయన మెచ్చుకుంటున్నాడు కూడా."

నేను కౌంటరు మీది కాగితం అంచు సవరించాను.

"ఆ ఇద్దరూ, సరుకు దించేవాళ్ళు. వాళ్ళకి చెప్పావా?"

"ఎక్కడున్నారో తెలీదు."

"ఒకడు కూరగాయల మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. రెండోవాడు వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు." కాగితాన్ని మడవబోయి ఆగింది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు నేను మెట్లెక్కి వచ్చి ఒక కాగితం ఇచ్చాను గుర్తుందా? అది చూశావా?"

చూశానని చెప్పడం తేలిక. చూశాను కానీ అర్థం కాలేదని చెబితే ఇంకా తేలిక. కొట్టు లోపలి నుంచి యజమాని ఏదో లెక్క అడుగుతున్నాడు, అక్క వినిపించుకోకుండా నా వైపే చూస్తోంది.

"చూడలేదు అక్కా. సొరుగులో వేశాను."

అక్క తల ఊపింది.

"నేనే కూడిక తప్పు వేశానేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. నువ్వు చూసే ఉంటావు, నాలాంటిదానికి ఎలా చెప్పాలో తెలియక వదిలేశావనుకున్నాను. ఇంటికెళ్ళి ఆ కూడిక ఎన్నిసార్లు వేశానో. ప్రతిసారీ ఐదు లక్షల ఇరవై వేలే వచ్చేది. అయినా నాకే రాదనుకున్నాను."

లోపలి నుంచి మళ్ళీ కేక. "వస్తున్నా" అని జవాబిచ్చి, నేను తెచ్చిన కాగితాన్ని నా వైపు జరిపింది.

"ఇది ఉంచుకో. నాకు ఏ లెక్కలోకీ రాదు. నువ్వు ఆఫీసులో రోజూ కనబడేచోట పెట్టుకో." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "మళ్ళీ ఎవరైనా మెట్లెక్కి వస్తే, ముందు వాళ్ళ చేతిలో కాగితం చదువు. తర్వాత కోపం తెచ్చుకో."

లోపలికి వెళ్ళింది. నేను కౌంటరు ముందు కాసేపు నిలబడ్డాను, పిలుస్తుందేమోనని. డబ్బాల వెనక ఆవిడ యజమానికి ఏదో బిల్లు వివరిస్తున్న గొంతు వినబడింది, నిదానంగా, వరుస తర్వాత వరుస. కాగితం జేబులో పెట్టుకుని వీధిలోకి దిగాను. కూరగాయల మార్కెట్లో మూటలు మోసేవాళ్ళు ఎటువైపు ఉంటారో ఒక మనిషిని అడిగాను.